మెమరీ కార్డు పోర్టబుల్‌గా వాడాలా, ఫోన్ స్టోరేజ్‌లో కలిపేయాలా?

కొత్త మెమరీ కార్డు ఫోన్‌లో పెట్టగానే కొన్ని ఫోన్లు ఒక ప్రశ్న అడుగుతాయి. ఈ కార్డును పోర్టబుల్ స్టోరేజ్‌గా వాడతారా, లేక ఫోన్ స్టోరేజ్‌లో భాగం చేయమంటారా అని. చాలామంది రెండోదే నొక్కేస్తారు, ఎందుకంటే ఫోన్ ఫుల్ అయిందనే కదా కార్డు కొన్నది, కలిపేస్తే గొడవ వదిలిపోతుంది కదా అనిపిస్తుంది. కానీ ఆ ఒక్క నొక్కుతో ఆ కార్డు జాతకం మారిపోతుంది, తర్వాత వెనక్కి రావాలంటే అంత సులువు కాదు. నా సలహా ముందే చెప్పేస్తాను: పదిమందిలో తొమ్మిదిమందికి పోర్టబులే సరైనది, యాప్‌లు ఫోన్‌లోనే ఉండాలి, కార్డు మీద ఫోటోలు, వీడియోలు, పాటలు, పీడీఎఫ్‌లు మాత్రమే ఉండాలి. ఎందుకో, ఆ పదోవాళ్లు ఎవరో చూద్దాం.

రెండింటికీ అసలు తేడా

పోర్టబుల్ అంటే కార్డు విడిగా ఉంటుంది. 32 జీబీ వరకు కార్డులు సాధారణంగా ఫ్యాట్32 పద్ధతిలో, 64 జీబీ నుంచి పైవి ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ అయి వస్తాయి. ఈ రెండిటినీ కంప్యూటర్లు చదువుతాయి, కెమెరాలు చాలా వరకు చదువుతాయి. రేపు ఫోన్ కిందపడి స్క్రీన్ పోయినా, కార్డు తీసి ఇంకో ఫోన్‌లో పెడితే ఫోటోలన్నీ కనిపిస్తాయి. ఒక చిన్న పరిమితి ఉంది, ఫ్యాట్32 కార్డు మీద ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు, కాబట్టి పెద్ద సినిమా ఫైలు కాపీ చేస్తుంటే స్థలం ఉన్నా "చోటు లేదు" లాంటి మెసేజ్ వస్తే కార్డు పాడైందని కంగారు పడకండి.

ఫోన్ స్టోరేజ్‌లో కలపడం అనేది ఆండ్రాయిడ్ 6తో 2015లో వచ్చింది. ఇందులో ఫోన్ కార్డు మొత్తాన్ని తుడిచేసి, తనదైన పద్ధతిలో ఫార్మాట్ చేసి, ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. దాన్ని తెరిచే తాళంచెవి ఆ ఫోన్ లోపలే ఉంటుంది, కార్డు మీద ఉండదు, మీ గూగుల్ అకౌంట్‌లోనూ ఉండదు. అందుకే ఆ కార్డు తీసి కంప్యూటర్‌కి పెడితే విండోస్ "ఫార్మాట్ చేయాలి" అంటుంది తప్ప లోపల ఏముందో చూపించదు. ఇంకో ఫోన్‌లో పెట్టినా అంతే. ఫోన్ బోర్డు కాలిపోయినా, రిపేరు షాపులో వాళ్లు ఫ్యాక్టరీ రీసెట్ కొట్టినా, కార్డు భేషుగ్గా ఉన్నా సరే దాని మీదున్నది పోయినట్టే. రికవరీ సాఫ్ట్‌వేర్లు కూడా ఇక్కడ ఏమీ చేయలేవు, ఎందుకంటే వాటికి దొరికేది అర్థంలేని బైట్లే.

రెండో ఇబ్బంది వేగం. యాప్ అంటే ఒక్క ఫైలు కాదు, తెరిచిన ప్రతిసారీ వందల చిన్న చిన్న ముక్కలు చదువుతుంది, రాస్తుంది. ఫోన్ లోపలి మెమరీ ఆ పనికోసమే తయారైంది, మెమరీ కార్డు మొదటినుంచీ పెద్ద ఫైళ్లు వరసగా రాసుకోవడానికి తయారైంది. కార్డు మీద "క్లాస్ 10" అని ఉంటే వరసగా రాసేటప్పుడు సెకనుకు కనీసం 10 ఎంబీ అని హామీ, అంతే, చిన్న ముక్కల సంగతి అది చెప్పదు. ఆ సంగతి చెప్పేది A1, A2 అనే గుర్తులు. A1 అంటే సెకనుకు కనీసం 1500 చిన్న చదువులు, 500 చిన్న రాతలు. A2 అంటే 4000, 2000. వినడానికి A2 గొప్పగా ఉంటుంది గానీ, ఆ వేగం రావాలంటే ఫోన్ కూడా దానికి తగిన సదుపాయం ఇవ్వాలి, చాలా ఫోన్లు ఇవ్వవు, కాబట్టి ఎక్కువ డబ్బు పెట్టి A2 కొనాల్సిన పనిలేదు. కలిపేద్దామనుకుంటే A1 గుర్తు లేని కార్డు మాత్రం పెట్టొద్దు. నెమ్మది కార్డు పెడితే ఫార్మాట్ అయ్యాక ఫోనే "ఈ కార్డు నెమ్మదిగా ఉంది" అని హెచ్చరిస్తుంది. అది చూసి కూడా ముందుకెళితే యాప్ తెరవడానికే ఎదురుచూడాల్సి వస్తుంది, జనం ఫోన్ హ్యాంగ్ అవుతోందని ఫోన్‌ని తిడతారు.

అసలు మీ ఫోన్‌లో ఈ రెండో దారి ఉందో లేదో కూడా చూసుకోవాలి. శాంసంగ్ ఫోన్లలో చాలావాటిలో ఇది ఇవ్వలేదు. కంప్యూటర్, ఏడీబీ వాడటం తెలిసినవాళ్లు ఈ ఒక్క లైనుతో తెలుసుకోవచ్చు, జవాబు `true` లేదా `false` అని వస్తుంది:

```
adb shell sm has-adoptable
```

`false` వచ్చినా బలవంతంగా ఆన్ చేసే పద్ధతులు నెట్‌లో కనిపిస్తాయి. వద్దు. తయారుచేసినవాళ్లు పరీక్షించని దారిలో మీ ఫోటోలు పెట్టడం దేనికి?

మరి ఎవరు కలపొచ్చు?

16 జీబీ ఫోన్, సిస్టమే సగం తినేసింది, బ్యాంక్ యాప్ అప్‌డేట్ కూడా ఎక్కడం లేదు, కొత్త ఫోన్ ఇప్పట్లో కొనే పరిస్థితి లేదు. ఈ స్థితిలో ఉన్నవాళ్లకు కలపడం నిజంగానే పనికొస్తుంది. పేరున్న కంపెనీ A1 కార్డు, 32 లేదా 64 జీబీ, ఒకసారి పెట్టాక ఇక ట్రే ముట్టుకోకూడదు. ఫోటోలు గూగుల్ ఫోటోస్‌లోకో కంప్యూటర్‌లోకో వెళ్తుండాలి, ఎందుకంటే పైన చెప్పినట్టు ఫోన్ పోతే కార్డూ పోయినట్టే. ఎప్పుడైనా వెనక్కి పోర్టబుల్ చేయాలంటే ముందు సెట్టింగ్స్‌లోని స్టోరేజ్ దగ్గర డేటాను ఫోన్‌లోకి మార్చే ఆప్షన్ నొక్కి, అది పూర్తయ్యాకే పోర్టబుల్‌గా ఫార్మాట్ చేయాలి. ఫార్మాట్ అంటే కార్డు ఖాళీ అవుతుంది. ఫోన్ అమ్మేముందు, రీసెట్ చేసేముందు కూడా ఇదే వరస.

మధ్యదారి: పోర్టబుల్ ఉంచి యాప్‌లు మాత్రం కార్డుకి పంపడం

కొన్ని ఫోన్లలో, ముఖ్యంగా శాంసంగ్‌లో, కార్డు పోర్టబుల్‌గా ఉన్నా ఒక్కో యాప్‌ని కార్డుకి మార్చవచ్చు. సెట్టింగ్స్, యాప్స్, ఆ యాప్ పేరు, స్టోరేజ్ లోపలికి వెళితే `Change` అనే బటన్ కనిపిస్తుంది. కనిపించకపోతే ఆ యాప్ తయారుచేసినవాళ్లు అనుమతి ఇవ్వలేదని అర్థం. బ్యాంకు యాప్‌లు, వాట్సాప్ లాంటివి సాధారణంగా కదలవు. కదిలినవాటిలో కూడా యాప్ మొత్తం వెళ్లదు, ప్రోగ్రామ్ భాగం వెళ్తుంది, దాని సొంత డేటా ఫోన్‌లోనే మిగులుతుంది. 300 ఎంబీ యాప్ మార్చాక ఫోన్‌లో 90 ఎంబీ ఖాళీ అయిందంటే ఆశ్చర్యపోకండి. పైగా అప్‌డేట్ వచ్చినప్పుడు చాలాసార్లు మళ్లీ ఫోన్‌లోకే వచ్చి కూర్చుంటుంది. విడ్జెట్‌లు ఉన్న యాప్‌లు, అలారం యాప్‌లు కార్డు మీద పెడితే సరిగ్గా పనిచేయవు, ఎందుకంటే ఫోన్ ఆన్ అయ్యాక కార్డు సిద్ధం కావడానికి కొంత సమయం పడుతుంది, ఆలోపు ఫోన్‌కి ఆ యాప్ ఉన్నట్టే తెలియదు. ఎప్పుడో ఒకసారి ఆడే పెద్ద గేమ్ ఉంటే దాన్ని పంపండి. మిగతావాటి కోసం శ్రమ దండగ.

డెవలపర్ ఆప్షన్స్‌లో యాప్‌లన్నిటినీ బయటి స్టోరేజ్‌కి అనుమతించే స్విచ్ ఒకటి ఉంటుంది. అది ఆన్ చేసి బ్యాంక్ యాప్‌ని కూడా మార్చేవాళ్లున్నారు. అలా చేయకండి.

ఏ ఫైళ్లు, ఎలా తరలించాలి

మా పిన్ని ఫోన్ ఉదాహరణగా తీసుకుందాం. 32 జీబీ ఫోన్, 30 నిండిపోయింది. సిస్టమ్‌కి 11, యాప్‌లకి 9, వాట్సాప్ 6, కెమెరా ఫోటోలు వీడియోలు 4. 64 జీబీ కార్డు కొని పెట్టాం, ఫోన్‌లో అది దాదాపు 59 జీబీగా కనిపిస్తుంది, అది మోసం కాదు, కంపెనీ లెక్కకీ ఫోన్ లెక్కకీ ఉన్న తేడా.

మొదట కెమెరా. కెమెరా యాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ లొకేషన్ దగ్గర ఎస్‌డీ కార్డు అని పెడితే ఇకమీదట తీసేవన్నీ నేరుగా కార్డుకే వెళ్తాయి. నిరంతరం ఫోటోలు తరలించే పని అక్కడితో తప్పుతుంది. పాత 4 జీబీని ఫైల్స్ బై గూగుల్ యాప్‌తో కార్డుకి పంపాలి. ఇక్కడ నేను పట్టుబట్టే విషయం ఒకటి: `Move` నొక్కొద్దు, `Copy` చేయండి. కాపీ పూర్తయ్యాక కార్డులోని ఫోల్డర్ తెరిచి ఫైళ్ల సంఖ్య సరిపోయిందా చూసి, పెద్ద వీడియోలు రెండు మూడు చివరిదాకా జరిపి ఆడించి, కొన్ని ఫోటోలు పెద్దవి చేసి చూసి, అప్పుడు ఫోన్‌లోవి డిలీట్ చేయండి. `Move` మధ్యలో ఆగిపోతే ఏది ఎక్కడుందో తేల్చుకోవడం తలనొప్పి. సగం రాసిన ఫైలు కార్డు మీద ఉండి, అసలుది డిలీట్ అయిపోతే ఇక అంతే సంగతులు.

తర్వాత వాట్సాప్. వాట్సాప్ తన ఫైళ్లను కార్డు మీద దాచుకోదు, ఆ సెట్టింగే లేదు. అవి ఫోన్‌లో ఈ ఫోల్డర్‌లో ఉంటాయి:

```
Android/media/com.whatsapp/WhatsApp/Media
```

లోపల `WhatsApp Video` ఫోల్డర్‌లో `Sent` అని ఇంకొకటి ఉంటుంది. మనం ఇతరులకు పంపిన వీడియోల కాపీలు అందులో పేరుకుపోతాయి. పిన్ని ఫోన్‌లో అదే ఒకటిన్నర జీబీ, అందులో దాదాపు అన్నిటికీ అసలు వీడియోలు గ్యాలరీలో ఉన్నాయి, చూసుకుని డిలీట్ చేశాం. వచ్చిన వీడియోల్లో రెండున్నర జీబీ కార్డుకి కాపీ చేసి ఫోన్‌లోంచి తీసేశాం. దీనివల్ల ఒక ఫలితం ఉంటుంది, చాట్‌లో ఆ వీడియో మీద నొక్కితే ఇక తెరుచుకోదు, కార్డు ఫోల్డర్‌లోకి వెళ్లి చూసుకోవాలి. ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్ అయితే ఇది ముందే చెప్పండి, లేకపోతే మనవడి వీడియో పోయిందని టెన్షన్ పడతారు. `Databases`, `Backups` ఫోల్డర్ల జోలికి మాత్రం వెళ్లకండి, చాట్‌ల బ్యాకప్‌లు అక్కడుంటాయి.

ఇంకో చిక్కు తేదీలది. వాట్సాప్ ఫోటోల లోపల తీసిన తేదీ ఉండదు, కాపీ చేశాక కొన్ని గ్యాలరీలు వాటన్నిటినీ ఈరోజువిగా చూపిస్తాయి. ఫైలు పేరులో తేదీ ఉంటుంది కాబట్టి, ఉదాహరణకు `IMG-20230514-WA0007` అంటే 2023 మే 14, పేరు ప్రకారం వరస పెడితే సరిపోతుంది.

మొత్తం లెక్క చూస్తే 4, ఒకటిన్నర, రెండున్నర కలిపి 8 జీబీ వచ్చింది, ఉన్న 2తో కలిసి 10 జీబీ ఖాళీ. ఒక్క యాప్ కూడా కదపలేదు. అప్‌డేట్లు ఎక్కుతున్నాయి, ఫోన్ చకచకా నడుస్తోంది.

యూట్యూబ్, ఓటీటీ యాప్‌ల డౌన్‌లోడ్‌లను మీరు చేత్తో తరలించకండి. ఆయా యాప్ సెట్టింగ్స్‌లో డౌన్‌లోడ్ ఎక్కడికి అనే చోట కార్డు ఎంచుకునే వీలుంటే అది వాడండి. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, యాప్‌లు కార్డు మీద `Android/data` అనే ఫోల్డర్‌లో దాచుకునేవి ఆ యాప్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేయగానే కార్డు మీదినుంచి కూడా పోతాయి. ఏదో రికార్డింగ్ యాప్ తన ఫైళ్లను అక్కడ పెడుతుంటే, "కార్డులోనే ఉన్నాయి కదా" అనుకుని యాప్ తీసేస్తే రికార్డింగులూ పోతాయి. అవసరమైనవి ముందు మామూలు ఫోల్డర్‌లోకి కాపీ చేసుకోండి.

కార్డు కరప్ట్ ఎందుకవుతుంది

చాలామంది కార్డులు వాటంతటవే పాడవుతాయనుకుంటారు. అరిగిపోయి పాడయ్యేవి ఉన్నాయి, కానీ అంతకన్నా ఎక్కువగా నేను చూసేవి మూడు కారణాలు.

మొదటిది, ఆన్‌లో ఉన్న ఫోన్ నుంచి కార్డు లాగేయడం. స్క్రీన్ మీద కాపీ అయిపోయిందని కనిపించినా ఫోన్ ఇంకా కొంత డేటాను తన దగ్గర పట్టుకుని తర్వాత రాస్తుంది. ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టికను సరిచేస్తున్న క్షణంలో కార్డు ఊడితే పట్టిక సగంలో ఆగిపోతుంది, అప్పుడు ఒక్క ఫైలు కాదు, మొత్తం కార్డే ఖాళీగా కనిపించవచ్చు. మన దగ్గర ఇది జరిగే అసలు చోటు సిమ్ మార్చేటప్పుడు. మన ఫోన్లలో చాలావాటికి సిమ్, కార్డు ఒకే ట్రేలో ఉంటాయి. ఊరెళ్లినప్పుడు సిగ్నల్ లేదని ఇంకో సిమ్ వేయడానికి పిన్నుతో గుచ్చి ట్రే లాగుతారు, దాంతోపాటు కార్డూ బయటికొస్తుంది, అలా లాగామనే ధ్యాసే ఉండదు. కాబట్టి ట్రే ముట్టుకునే ముందు సెట్టింగ్స్, స్టోరేజ్, ఎస్‌డీ కార్డు దగ్గర `Eject` లేదా `Unmount` నొక్కండి, లేదా ఫోన్ పూర్తిగా స్విచాఫ్ చేయండి. అలాగే బ్యాటరీ 15 శాతం ఉన్నప్పుడు పెద్ద కాపీ మొదలుపెట్టకండి, మధ్యలో ఫోన్ ఆఫ్ అయితే జరిగేదీ ఇదే.

రెండోది, నకిలీ కార్డులు. తక్కువ ధరకు దొరికిందని కొన్న 128 జీబీ కార్డు లోపల నిజానికి 8 జీబీయే ఉండవచ్చు, ఫోన్‌కి మాత్రం 128 అని చెబుతుంది. మొదట్లో అన్నీ బాగుంటాయి. 8 దాటాక కొత్తవి పాతవాటి మీద పడతాయి, లేదా ఎక్కడా రాయకుండానే రాసినట్టు చెబుతుంది. గ్యాలరీలో పేర్లుంటాయి, తెరిస్తే సగం బూడిద రంగు. కార్డు కొన్న రోజే, దాని మీద ఏమీ పెట్టకముందే పరీక్షించండి. విండోస్‌లో `H2testw`, లినక్స్, మ్యాక్‌లో `F3` అనే ఉచిత ప్రోగ్రామ్‌లు కార్డు మొత్తం నింపి, మళ్లీ చదివి సరిపోల్చుతాయి:

```
f3write /media/card
f3read /media/card
```

`/media/card` అన్నచోట మీ కార్డు కనిపించే దారి రాయాలి. చివర `Data LOST` పక్కన సున్నా ఉంటే కార్డు అసలైనదే. 128 జీబీ కార్డు సెకనుకు 20 ఎంబీ వేగంతో నిండాలంటే గంటా నలభై అయిదు నిమిషాలకు పైనే పడుతుంది, చదవడానికి మళ్లీ కొంత. ఓపిక పట్టాల్సిందే, కానీ వెనక్కి ఇచ్చే గడువు లోపల తేలిపోతుంది.

మూడోది, తప్పు ఫార్మాట్. కంప్యూటర్‌లో ఎన్‌టీఎఫ్‌ఎస్‌గా ఫార్మాట్ చేసి ఫోన్‌లో పెడితే చాలా ఫోన్లు "కార్డు కరప్ట్ అయింది, ఫార్మాట్ చేయండి" అంటాయి. కార్డుకి ఏమీ కాలేదు, ఫోన్‌కి ఆ పద్ధతి రాదంతే. ఏ ఫోన్‌లో వాడతారో అదే ఫోన్‌లో ఫార్మాట్ చేయడం మంచిది. కొన్ని తక్కువ ధర ఫోన్లకు ఎక్స్‌ఫ్యాట్ కూడా రాదు, కెమెరాలో వాడిన 64 జీబీ కార్డును అలాంటి ఫోన్‌లో పెడితే ఇదే మాట వస్తుంది. అప్పుడు ఫార్మాట్ నొక్కితే బాగున్న ఫోటోలు చేజేతులా తుడిచినట్టవుతుంది.

పాడైన సూచనలు కనిపిస్తే

"కార్డు పాడైంది, సెటప్ చేయడానికి నొక్కండి" అని నోటిఫికేషన్ వస్తే నొక్కకండి. అది ఫార్మాట్ దగ్గరికే తీసుకెళ్తుంది. ఫోన్ ఆఫ్ చేసి, కార్డు తీసి, బంగారు రంగు కాంటాక్టులను పొడి మెత్తటి గుడ్డతో తుడిచి, కార్డ్ రీడర్‌తో కంప్యూటర్‌కి పెట్టి చూడండి. అక్కడ కనిపిస్తే వెంటనే మొత్తం కాపీ తీసుకోండి. కనిపించకపోతే, ఆ కార్డు పోర్టబుల్‌గా వాడినదైతే, `PhotoRec` అనే ఉచిత ప్రోగ్రామ్ ఫోటోలను వెలికితీయగలదు, పేర్లు ఫోల్డర్లు రావు గానీ బొమ్మలు వస్తాయి. వెలికితీసినవి కంప్యూటర్‌లోకే వేయాలి, అదే కార్డు మీదకి కాదు. `chkdsk` లాంటి రిపేర్లు ఆ తర్వాతే, ఎందుకంటే అవి పట్టికను సరిచేసే క్రమంలో మిగిలిన ఆధారాలను కూడా మార్చేస్తాయి.

కార్డు ఆయుష్షు అయిపోయిందనడానికి స్పష్టమైన గుర్తు ఒకటుంది. ఫోటోలు డిలీట్ చేస్తారు, పోయినట్టే కనిపిస్తాయి, ఫోన్ రీస్టార్ట్ చేస్తే మళ్లీ ప్రత్యక్షం. ఫార్మాట్ చేసినా పాతవే ఉంటాయి. ఇది వైరస్ కాదు. లోపలి మెమరీ అరిగిపోయినప్పుడు కార్డే ఇక రాయనివ్వకుండా తాళం వేసుకుంటుంది, చదవనిస్తుంది. అప్పుడు కాపీ తీసుకుని కొత్తది కొనడమే. వారంటీలో మార్చుకునే ముందు ఒకటి ఆలోచించండి, ఆ కార్డును మీరు తుడవలేరు గానీ ఎవరైనా చదవగలరు. దాని మీద ఆధార్, పాస్‌బుక్ స్కాన్లు, ఇంట్లోవాళ్ల ఫోటోలు ఉంటే కొత్త కార్డు డబ్బులు వదులుకుని, దాన్ని కటింగ్ ప్లయర్‌తో ముక్కలు చేసేయండి.